గల్లాపెట్టె చెప్పని లెక్క

లాభనష్టాల పట్టిక అంటే ఒక సంవత్సరంలో వ్యాపారంలోకి ఎంత వచ్చింది, దాన్ని సంపాదించడానికి ఎంత ఖర్చయింది, చివరికి ఏం మిగిలింది అన్నది వరుసగా చూపే లెక్క. మొత్తం మీద లాభమా నష్టమా అన్నది అందులో ఆఖరి వరుస చూస్తే తెలిసిపోతుంది. ఆ లాభం ఏ సరుకు తెచ్చిందో మాత్రం అక్కడ రాసి ఉండదు. నాలుగు రకాలు అమ్మే కొట్టులో ఒకటి మిగతా మూడింటినీ మోస్తూ ఉండవచ్చు, లేదా బాగా అమ్ముడుపోయే రకమే మిగతావాటి సంపాదనను తినేస్తూ ఉండవచ్చు. రెండు సందర్భాల్లోనూ ఆఖరి అంకె ఒకేలా కనిపిస్తుంది.

ఆ పట్టికను విడదీసి చదవడం ఎలాగో చూడటానికి ఒక ఊహా ఉదాహరణ చాలు. ఒక పట్టణంలో పచ్చళ్లు, పొడులు, స్వీట్లు, హాట్లు అమ్మే హోమ్ ఫుడ్స్ కొట్టు ఉందనుకుందాం. వెనక వంటశాల, ముందు కౌంటర్. పచ్చళ్లు, పొడులు కొరియర్‌లో వేరే ఊళ్లకూ వెళ్తాయి. స్వీట్లు, హాట్లు కౌంటర్ దగ్గరా, డెలివరీ యాప్‌లోనూ అమ్ముడవుతాయి. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఆ కొట్టు లెక్క ఇలా ఉంది.

| వివరం | రూపాయలు |
|---|---|
| అమ్మకాలు | 48,00,000 |
| వాడిన ముడిసరుకు | 22,00,000 |
| ప్యాకింగ్ | 3,50,000 |
| వంటశాల కూలి | 6,40,000 |
| గ్యాస్ | 1,40,000 |
| స్థూల లాభం | 14,70,000 |
| అద్దె | 3,60,000 |
| కొట్టు సిబ్బంది జీతాలు | 3,60,000 |
| కొరియర్ | 1,90,000 |
| యాప్ కమీషన్ | 1,60,000 |
| కరెంటు | 80,000 |
| అప్పు మీద వడ్డీ | 60,000 |
| తరుగుదల | 50,000 |
| ప్రకటనలు | 30,000 |
| ఇతరాలు | 20,000 |
| నికర లాభం | 1,60,000 |

పట్టికలో రెండు అంతస్తులున్నాయి. పై అంతస్తులో సరుకు తయారీకి అయిన ఖర్చులు ఉంటాయి. అమ్మకాల్లోంచి అవి తీసేస్తే మిగిలేది స్థూల లాభం. కింది అంతస్తులో కొట్టు నడవడానికి, సరుకు కొనేవారికి చేరడానికి అయిన ఖర్చులు ఉంటాయి. అవి కూడా తీసేస్తే నికర లాభం. కామర్స్ పాఠ్యపుస్తకాల్లో ఈ రెంటినీ వర్తకపు ఖాతా, లాభనష్టాల ఖాతా అని వేరువేరుగా రాస్తారు. విషయం ఒకటే.

మొదటి వరుస దగ్గరే ఒక జాగ్రత్త ఉంది. అమ్మకాలంటే గల్లాపెట్టెలో పడిన డబ్బు కాదు. కొనేవారి దగ్గర వసూలు చేసిన జీఎస్టీ ప్రభుత్వానిది కాబట్టి అది అమ్మకాల్లో కలవకూడదు. యాప్ అమ్మకాల్లో పొరపాటు దీనికి తిరగబడి జరుగుతుంది. యాప్ తన కమీషన్ పట్టుకుని మిగతాదే బ్యాంకు ఖాతాలో వేస్తుంది. చాలామంది ఖాతాలో పడినదాన్నే అమ్మకంగా రాసేసుకుంటారు. ఈ కొట్టులో కమీషన్ 25 శాతం అనుకుంటే, 1,60,000 కమీషన్ వెనక 6,40,000 అమ్మకం ఉంది. దాన్ని 4,80,000 అని రాస్తే కమీషన్ అనే వరుసే పట్టికలో ఉండదు. విచిత్రమేమంటే అప్పుడు కూడా నికర లాభం 1,60,000గానే వస్తుంది. అడుగున అంకె సరిపోయింది కదా అని ఎవరూ వెనక్కి చూడరు. స్వీట్ల మీద ఎంత కమీషన్ పోతోందో తెలుసుకునే దారి అక్కడే మూసుకుపోతుంది.

రెండో వరుసలో ‘వాడిన ముడిసరుకు’ అన్న మాటను నిదానంగా చదవాలి. ఆ ఏడాది కొన్నది కాదు, వాడినది. ఏడాది మొదట్లో చేతిలో ఉన్న సరుకుకు ఏడాది కొనుగోళ్లు కలిపి, ఆఖరున మిగిలిన సరుకు తీసేస్తే వచ్చేది అది. ఈ కొట్టులో ప్రారంభపు సరుకు 2,40,000, కొనుగోళ్లు 22,60,000, ముగింపు సరుకు 3,00,000. అందుకే 22,00,000 వచ్చింది.

పచ్చళ్ల వ్యాపారానికి ఇది ఎందుకంత అవసరమో ఆవకాయను చూస్తే తెలుస్తుంది. మామిడికాయ, కారం, ఆవపిండి, నువ్వుల నూనె అన్నీ ఏప్రిల్, మే నెలల్లో ఒక్కసారే కొంటారు. జాడీలకెత్తిన పచ్చడి మళ్లీ ఉగాది దాకా అమ్ముతారు. మే నెలలో కొన్నదంతా మే ఖర్చుగా రాస్తే ఆ నెల లెక్కలో పచ్చళ్లు ఘోరమైన నష్టం చూపిస్తాయి. అదే తీరులో నవంబరు లెక్క వేస్తే పచ్చడి ఊరికే వచ్చినట్టుంటుంది. రెండూ అబద్ధాలే. నెలవారీ పట్టిక కావాలంటే ప్రతి నెలాఖరునా జాడీలు తూచి సరుకు విలువ కట్టాలి. అంత ఓపిక లేకపోతే పచ్చళ్ల విషయంలో ఏడాది లెక్కనే నమ్మాలి.

ముగింపు సరుకు విలువ ఎంత ఎక్కువ వేస్తే లాభం అంత ఎక్కువ కనిపిస్తుంది. మార్చి 31న లెక్కపెట్టినప్పుడు వెనక వరుసలో నూనె కంపు కొట్టిన జాడీలు, బూజు పట్టిన జాడీలు కూడా లెక్కలోకి వచ్చాయనుకుందాం. వాటి విలువ 40,000. అమ్ముడుపోని ఆ సరుకును ఆస్తిగా రాసుకున్నందువల్ల నికర లాభం 1,60,000 అయింది. నిజానికది 1,20,000. మిగిలిన సరుకును అది తయారైన ఖర్చుకు గానీ, అమ్మితే వచ్చే నికర ధరకు గానీ, రెంటిలో ఏది తక్కువైతే దానికే విలువ కట్టాలన్నది అకౌంటింగ్‌లో స్థిరపడిన నియమం. సీసా మీద అంటించిన అమ్మకపు ధరకు కట్టడం తప్పు. ఇక్కడి నుంచి మాత్రం ఈ కొట్టు జాడీలన్నీ మంచివేనని అనుకుందాం.

ఆఖరి వరుస గురించి కూడా ఒక మాట. సొంత వ్యాపారంలో యజమాని ఇంటికి తీసుకెళ్లే డబ్బు ఖర్చు కింద రాదు. దాన్ని సొంత వాడకాలుగా రాస్తారు. కాబట్టి 1,60,000 అన్నది యజమాని ఏడాది కష్టానికీ, పెట్టిన పెట్టుబడికీ కలిపి వచ్చినది. నెలకు 13,333 రూపాయలు. కౌంటర్‌లో నిలబడే మనిషికి ఇచ్చే జీతం నెలకు 10,000. అర కోటికి దగ్గరగా అమ్మిన కొట్టు యజమాని, తన పనిమనిషి కంటే మూడు వేలు ఎక్కువ సంపాదించాడన్నమాట. ఏ రకం మిగులుస్తోంది, ఏది తినేస్తోంది అన్న ప్రశ్న పుట్టేది ఇక్కడే.

ఇప్పుడు పట్టికను నిలువుగా చీల్చాలి. ముందు పై అంతస్తు. అమ్మకాలను రకాలవారీగా విడదీయడం తేలిక, బిల్లింగ్ యంత్రమే చెబుతుంది. ముడిసరుకు దగ్గర కాస్త పని ఉంటుంది. నెయ్యి స్వీట్లకే, మామిడికాయ పచ్చళ్లకే పోతాయి కాబట్టి పేచీ లేదు. కారం పచ్చళ్లలోకీ, పొడుల్లోకీ, హాట్లలోకీ వెళ్తుంది. వంటశాలలో ప్రతి వంటకానికీ ఒక కొలత ఉంటుంది. కిలో కందిపొడికి ఎంత కారం, కిలో చెక్కలకు ఎంత నూనె అన్నది వంట చేసేవారికి తెలుసు. ఆ కొలతలను తయారైన కిలోలతో గుణిస్తే ఏ రకానికి ఎంత వెళ్లిందో వస్తుంది. అలా వచ్చిన మొత్తం, నిజంగా వాడిన మొత్తంతో సరిపోవాలి. కొలత ప్రకారం 900 కిలోలు పోవాల్సిన నూనె 1,000 కిలోలు పోయిందంటే, ఆ తేడా ఒలికిపోయిందో, మాడి పారబోశారో, బయటికి వెళ్లిందో వెతకాలి. గ్యాస్‌ను పొయ్యి వెలిగిన గంటలను బట్టి, కూలిని ఏ పనికి ఎన్ని రోజులన్న దాన్ని బట్టి పంచుతారు. ట్యాలీలో లెక్కలు రాసేవారికి ఇందుకోసమే కాస్ట్ సెంటర్ అనే ఏర్పాటు ఉంది. ఖర్చు రాసేటప్పుడే అది ఏ రకానికి చెందిందో గుర్తు పెట్టుకుంటూ పోవచ్చు. ఏడాది చివర కూర్చుని గుర్తు తెచ్చుకోవడం కంటే అది చాలా నయం.

అలా విడదీస్తే ఈ కొట్టు పై అంతస్తు ఇలా తేలింది. అంకెలు లక్షల రూపాయల్లో ఉన్నాయి.

| | పచ్చళ్లు | పొడులు | స్వీట్లు | హాట్లు |
|---|---|---|---|---|
| అమ్మకాలు | 18.00 | 6.00 | 16.00 | 8.00 |
| ముడిసరుకు | 7.20 | 2.40 | 8.80 | 3.60 |
| ప్యాకింగ్ | 1.50 | 0.40 | 1.10 | 0.50 |
| కూలి | 1.80 | 0.60 | 2.60 | 1.40 |
| గ్యాస్ | 0.10 | 0.10 | 0.70 | 0.50 |
| స్థూల లాభం | 7.40 | 2.50 | 2.80 | 2.00 |

అమ్మకాల్లో పచ్చళ్లకూ స్వీట్లకూ తేడా రెండు లక్షలే. స్థూల లాభంలో తేడా నాలుగు లక్షల అరవై వేలు. వంద రూపాయల పచ్చడి అమ్మితే 41 రూపాయలు మిగులుతుంటే, వంద రూపాయల స్వీటు అమ్మితే పదిహేడున్నర రూపాయలే మిగులుతున్నాయి. అయినా స్వీట్లు తెచ్చిన 2.80 లక్షలు పొడులు తెచ్చినదానికంటే ఎక్కువే కదా అనిపిస్తుంది. చాలామంది చదవడం ఇక్కడితో ఆపేస్తారు.

ఆపకూడదు. కింది అంతస్తులో ఉన్న ఖర్చులన్నీ అందరివీ కావు. కొన్ని అక్కడ ఉన్నది పట్టిక రాసే పద్ధతి వల్లనే. వాటికి ఫలానా రకమే కారణమని వేలు పెట్టి చూపించవచ్చు. కొరియర్ ఖర్చు 1,90,000లో లక్షన్నర పచ్చళ్లది, 30,000 పొడులది, 10,000 స్వీట్లది. పచ్చడి సీసా బరువు, పైగా దారిలో పగిలితే మళ్లీ పంపాలి. యాప్ కమీషన్‌లో 1,10,000 స్వీట్లది, 50,000 హాట్లది. అప్పు తీసుకున్నది వేసవిలో కాయా కారం కొనడానికే కాబట్టి, వడ్డీ 60,000 పూర్తిగా పచ్చళ్లదే. పచ్చడిలో పెట్టిన డబ్బు నెలల తరబడి జాడీల్లో కూర్చుంటుంది, దానికి అయ్యే అద్దె ఈ వడ్డీ. కరెంటు బిల్లులో 30,000 స్వీట్లు పెట్టే చల్లటి గాజు బీరువాది. స్వీట్ల కౌంటర్ కోసమే పెట్టుకున్న మనిషి జీతం ఏడాదికి 1,20,000.

వీటిని ఎవరివి వారి లెక్కలో వేస్తే స్థూల లాభంలోంచి ఒక్కో రకానికీ మిగిలేదాన్ని సొంత మిగులు అనవచ్చు. పచ్చళ్లకు 5,30,000. పొడులకు 2,20,000. హాట్లకు 1,50,000. స్వీట్లకు 10,000.

పదహారు లక్షల స్వీట్లు అమ్మితే మిగిలింది పదివేలు. కొట్టులో పొద్దస్తమానం రద్దీగా ఉండేది ఆ కౌంటరే. పండక్కి వరుస కట్టేదీ అక్కడే. గల్లాపెట్టె మోత విని వ్యాపారం నడిపేవారికి ఈ అంకె నమ్మబుద్ధి కాదు. పొడులు అమ్మకాల్లో అన్నిటికంటే వెనక ఉండి కూడా సొంత మిగులులో రెండో స్థానంలో నిలిచాయి.

ఇక కింద మిగిలినవి నిజంగా ఉమ్మడి ఖర్చులు. అద్దె 3,60,000, మిగతా సిబ్బంది జీతాలు 2,40,000, కరెంటు 50,000, తరుగుదల 50,000, ప్రకటనలు 30,000, ఇతరాలు 20,000. మొత్తం 7,50,000. నాలుగు సొంత మిగుళ్లు కలిపితే 9,10,000. అందులోంచి ఇవి పోతే మళ్లీ అదే 1,60,000 వస్తుంది. రాకపోతే పంపకంలో ఎక్కడో తప్పు జరిగినట్టే.

ఈ ఏడున్నర లక్షలను కూడా నాలుగు రకాలకూ పంచేయాలని చాలామందికి చేతులు దురద పెడతాయి. మామూలుగా చేసేది అమ్మకాల నిష్పత్తిలో పంచడం. అలా చేస్తే స్వీట్ల వాటా 2,50,000 అవుతుంది. 10,000 మిగులున్న స్వీట్లు ఒక్కసారిగా 2,40,000 నష్టంలో పడతాయి. హాట్ల వాటా 1,25,000 పోయి 25,000 లాభం మిగులుతుంది. ఈ కాగితం చూసినవారెవరైనా స్వీట్లు ఎత్తేస్తే లాభం 1,60,000 నుంచి 4,00,000కు పెరుగుతుందని లెక్క కడతారు.

పెరగదు. స్వీట్లు ఎత్తేసినా కొట్టు అద్దె నెలకు ముప్ఫై వేలే. తరుగుదల, ప్రకటనలు, మిగతా సిబ్బంది జీతాలు అలాగే ఉంటాయి. స్వీట్ల మీద వేసిన రెండున్నర లక్షలు మాయం కావు, మిగతా మూడింటి మీదికి వెళ్తాయి. నిజంగా పోయేది ఆ 10,000 సొంత మిగులు మాత్రమే. లాభం 1,50,000కు తగ్గుతుంది. స్వీట్ల కోసం వచ్చేవారే పనిలో పనిగా జంతికలు, మిక్చర్ తీసుకెళ్తుంటారు కాబట్టి హాట్ల అమ్మకం కూడా దెబ్బతింటుంది. అది సగానికి పడిపోయి, మిగులు కూడా సగమైతే మరో 75,000 పోతుంది. అప్పుడు మిగిలేది 75,000. నాలుగు లక్షలు వస్తాయనుకున్న చోట ఉన్న లక్షా అరవై వేలలో సగానికి పైగా పోయింది.

ఉమ్మడి ఖర్చులు పంచడానికి ఏ నిష్పత్తి సరైనదన్న చర్చ ఎంత చేసినా తెగదు. అమ్మకాలను బట్టి పంచితే ఒక జవాబు, కౌంటర్‌లో ఆక్రమించిన చదరపు అడుగులను బట్టి పంచితే మరొకటి. ధర నిర్ణయించేటప్పుడు ప్రతి రకమూ అద్దెలో కొంత మోయాలని గుర్తుంచుకోవడానికి ఆ పంపకం పనికొస్తుంది. ఉంచాలా తీసేయాలా అన్న నిర్ణయానికి పనికిరాదు. పెద్ద కంపెనీలు కూడా ఈ చిక్కును ఒప్పుకుంటాయి. స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీలు తమ వ్యాపార విభాగాల ఫలితాలను వేరువేరుగా చూపాలని ఇండ్ ఏఎస్ 108 అనే అకౌంటింగ్ ప్రమాణం చెబుతుంది. ఐటీసీ లాంటి కంపెనీ ఫలితాలు తెరిస్తే సిగరెట్లు, ఇతర వినియోగ వస్తువులు, కాగితం, వ్యవసాయ వ్యాపారం విడివిడిగా కనిపిస్తాయి. బిస్కెట్లు, గోధుమపిండి, నోటు పుస్తకాలు ఇంటింటా కనిపించే ఆ కంపెనీ లాభంలో సింహభాగం సిగరెట్లదేనని ఆ పేజీ చూస్తేనే తెలుస్తుంది. అదే పేజీలో అడుగున, ఏ విభాగానికీ పంచని ఖర్చులు అని ఒక వరుస ఉంటుంది. అంత పెద్ద సంస్థ పంచకుండా వదిలేసినదాన్ని కొట్టు లెక్కలో బలవంతంగా పంచాల్సిన పని లేదు.

స్వీట్లు ఎత్తేయకూడదన్నంత మాత్రాన పదివేల మిగులుతో సరిపెట్టుకోవాలని కాదు. ‘స్వీట్లు’ అన్నది కూడా పెద్ద మూటే. దాన్ని విప్పితే రెండు వేరే వ్యాపారాలు బయటపడతాయి. ఒకటి అరిసెలు, సున్నుండలు, పూతరేకులు, కాజాలు. వీటి అమ్మకం 7,00,000. రెండోది కలాకండ్, కోవా, రసమలై లాంటి పాల స్వీట్లు. వీటి అమ్మకం 9,00,000. కౌంటర్ మనిషి జీతం రెంటికీ ఉమ్మడి కాబట్టి పక్కన పెడితే, మొదటి గుంపు 1,90,000 మిగిల్చింది. పాల స్వీట్లు 30,000 పోగొట్టాయి. గాజు బీరువా కరెంటు కూడా వాటిదే కాబట్టి నష్టం 60,000.

కారణం ఒక్క కలాకండ్ లెక్కలో దొరుకుతుంది. కిలో అమ్మకపు ధర 480 రూపాయలు. పాలు, పంచదార, కూలి, గ్యాస్, డబ్బా అన్నీ కలిపి తయారీ ఖర్చు 380. కాగితం మీద కిలోకు వంద రూపాయల మిగులు, బాగానే ఉంది. కానీ వంద కిలోలు తయారు చేస్తే అమ్ముడయ్యేది 85 కిలోలు. మిగతాది రెండో రోజుకో మూడో రోజుకో పులిసిపోతుంది, లేదా ఇంటికో పనివాళ్లకో వెళ్తుంది. వంద కిలోల ఖర్చు 38,000. అమ్మిన 85 కిలోలకు వచ్చింది 40,800. మిగులు 2,800. ఆ 85లో 30 కిలోలు యాప్‌లో పోయాయి. 14,400 రూపాయల అమ్మకం మీద 25 శాతం కమీషన్ 3,600. లెక్క ముగిసేసరికి వంద కిలోలకు 800 రూపాయల నష్టం.

పారేసిన పదిహేను కిలోలు పట్టికలో ఎక్కడా కనిపించవు. ‘చెడిన సరుకు’ అన్న వరుస ఎవరూ రాయరు. ఆ పాలు, ఆ కూలి ముడిసరుకులోనూ కూలిలోనూ కలిసిపోయి ఉంటాయి. కిలో కలాకండ్‌కు ఎంత ఖర్చని అడిగితే యజమాని 380 అనే చెబుతాడు, అబద్ధం కాదు. కానీ అమ్ముడైన కిలోకు అయిన ఖర్చు 38,000ను 85తో భాగిస్తే వచ్చే 447. ఈ సంగతి పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. రోజూ చేసినది ఎంత, అమ్మినది ఎంత అని రెండు అంకెలు గోడ మీద రాసుకుంటే చాలు. పచ్చళ్లకూ పొడులకూ ఈ బెడద చాలా తక్కువ. వాటి మిగులు ఎక్కువగా ఉండటానికి అదీ ఒక కారణం.

పొడుల లెక్కను కూడా ఒకసారి అనుమానంగా చూడాలి. కూలి 60,000 మాత్రమే ఉండటం ఎలా సాధ్యమైంది? ఇలాంటి కొట్లలో చాలాచోట్ల పప్పు వేయించేది, దంచేది, రుచి చూసేది ఇంటివారే. వారికి జీతం రాయరు. ఇద్దరు ఇంటివారు పొడుల కోసం చేసే పనికి బయటి మనిషిని పెడితే నెలకు 8,000 అవుతుందనుకుంటే ఏడాదికి 96,000. అది వేస్తే పొడుల సొంత మిగులు 2,20,000 నుంచి 1,24,000కు దిగుతుంది, హాట్ల కంటే వెనక్కి వెళ్తుంది. పన్ను లెక్కలో దీన్ని చూపనక్కర్లేదు. ఏ రకాన్ని పెంచాలని ఆలోచించేటప్పుడు మాత్రం చూసి తీరాలి. పొడుల వ్యాపారం రెట్టింపైతే ఆ రెండో సగాన్ని ఇంటివారు దంచలేరు. అక్కడి నుంచి ప్రతి కిలోకూ కూలి ఇవ్వాల్సిందే. సొంత భవనంలో కొట్టు నడిపేవారి లెక్కలో అద్దె లేకపోవడమూ ఇలాంటిదే.

పాల స్వీట్లు మానేస్తే 60,000 నష్టం తప్పుతుందన్నది సూటిగా కనిపించే నిర్ణయం. కానీ అందులో ప్రతి ఖర్చూ నిజంగా ఆగుతుందా అని చూసుకోవాలి. పాలు, పంచదార కొనడం ఆగుతుంది. బీరువా తీసేస్తే కరెంటు ఆగుతుంది. కమీషన్ ఆగుతుంది. స్వీట్ల కూలి 2,60,000లో 1,40,000 పాల స్వీట్ల వాటా అనుకుందాం. దాని కోసమే పెట్టుకున్న మాస్టర్ వేరే చోటికి వెళ్లిపోతే అదీ ఆగుతుంది. అలా కాక ఒకే మాస్టర్ నెల జీతం మీద అరిసెలు, కాజాలు కూడా చేస్తూ ఉంటే, ఆ 1,40,000 ఎటూ పోదు. అప్పుడు పాల స్వీట్లు మానేసినందువల్ల 60,000 మిగలదు, పైగా 80,000 పోతుంది. పట్టికలో ఒకే అంకెగా ఉన్న కూలి, రోజుకూలా నెల జీతమా అన్నదాన్ని బట్టి జవాబు తలకిందులవుతుంది. ఆ తేడా పట్టికలో రాసి ఉండదు, వంటశాలలోకి వెళ్లి అడగాలి.

ఈ కొట్టులో మాస్టర్ వేరే ఉన్నాడనీ, వెళ్లిపోతాడనీ అనుకుందాం. మొదట చేయాల్సింది పాల స్వీట్లను యాప్ నుంచి తీసేసి, తయారీని అమ్మకానికి దగ్గరగా తగ్గించి చూడటం. కలాకండ్ లెక్కలోనే చూస్తే, ఆ 30 కిలోలు తయారు చేయకుండా 70 కిలోలకే 55 అమ్మినా మిగలదు, ఎందుకంటే పారేసేది మళ్లీ పదిహేను కిలోలే. 60 కిలోలు చేసి 55 అమ్మగలిగితే 22,800 ఖర్చుకు 26,400 వస్తుంది, 3,600 మిగులు. అంటే రోగం యాప్‌లో కంటే పారేయడంలోనే ఎక్కువ ఉంది. అలా తగ్గించడం కుదరకపోతేనే మానేయడం.

మానేసినప్పుడు హాట్ల మీద ఎంత దెబ్బ పడితే ఆ నిర్ణయం తప్పవుతుందో కూడా ఈ పట్టికే చెబుతుంది. హాట్ల సొంత మిగులు 8,00,000 అమ్మకం మీద 1,50,000. అందులో 60,000 పోతే పాల స్వీట్ల నుంచి తప్పించుకున్న నష్టం అంతా ఇక్కడ తిరిగి వచ్చినట్టే. ఆ 60,000 పోవాలంటే హాట్ల అమ్మకం నలభై శాతం, అంటే 3,20,000 తగ్గాలి. సగటున నెలకు 66,667 ఉన్న అమ్మకం 40,000కు దిగితే ఆ హద్దు తగిలినట్టు. దసరా, సంక్రాంతి నెలల్లో అమ్మకం మామూలుకంటే ఎక్కువగా ఉంటుంది కాబట్టి పోల్చాల్సింది సగటుతో కాదు, నిరుడు అదే నెలతో. నాలుగైదు నెలలు వరుసగా ఆ నలభై శాతానికి దగ్గరగా పడిపోతూ ఉంటే గాజు బీరువాను మళ్లీ వెలిగించుకోవడమే లాభం.